నాణేనికి జ్ఞాపకం లేదు: సంభావ్యత పాఠం తర్వాత అడగాల్సిన ప్రశ్నలు

సంభావ్యత పాఠం అయ్యాక పెట్టే పరీక్షల్లో ఎక్కువగా రెండు రకాల లెక్కలే ఉంటాయి. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించడం ఒకటి, సూత్రంలో విలువలు ప్రతిక్షేపించి జవాబు రాబట్టడం రెండోది. పదో తరగతిలో పాచికలు, పేకముక్కల లెక్కలు నేర్చుకున్నవారైనా, ఇంటర్ రెండో ఏడాదిలో బేయస్ సిద్ధాంతం దాకా చదివినవారైనా వీటిని బాగానే చేస్తారు. చిక్కంతా సూత్రంతో పని లేని చిన్న ప్రశ్న ఎదురైనప్పుడే వస్తుంది. అప్పుడు విద్యార్థి పాఠాన్ని పక్కన పెట్టి, అంతకుముందు నుంచీ తన మనసులో ఉన్న ఊహతో జవాబు చెబుతాడు.

అలా బయటపడే పొరపాట్లలో రెండు ముఖ్యమైనవి. జరిగిపోయినవి తర్వాత జరగబోయేదాన్ని సరిచేస్తాయని నమ్మడం మొదటిది. దీన్ని జూదరి భ్రమ అంటారు. ఒక సంగతి తెలిశాక మరో సంగతికి ఉన్న అవకాశం ఎంత అనే షరతు సంభావ్యతను తప్పుగా చదవడం రెండోది. పైకి వీటికి పొంతన లేనట్టు కనిపించినా మూలం ఒక్కటే. ఒక ఘటన మరో ఘటన మీద పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, ఒక ఘటన గురించి తెలియడం వల్ల మరోదాని మీద మన అంచనా మారుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ ఒకటిగా పట్టుకున్నప్పుడే రెండు తప్పులూ పుడతాయి.

ఆరోసారి ఏం పడుతుంది?

మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే. నిష్పాక్షికమైన నాణేన్ని 5 సార్లు ఎగరేస్తే 5 సార్లూ బొమ్మే పడింది. ఆరోసారి బొరుసు పడే సంభావ్యత ఎంత? ఎందుకు? ఇందులో చివరి మాటే కీలకం. జవాబు ఒక్కటే అడిగితే చాలామంది 1/2 అని రాసేస్తారు. కారణం కూడా రాయమంటేనే లోపల ఉన్నది తెలుస్తుంది.

వచ్చే కారణాలు నాలుగు రకాలుగా ఉంటాయి. ఇప్పటిదాకా బొరుసు పడలేదు కాబట్టి ఇక దాని వంతే అనేది జూదరి భ్రమ. బొమ్మ ఊపు మీద ఉంది కాబట్టి మళ్లీ అదే పడుతుందనేది దానికి ఎదురు తప్పు. ఉన్నవి రెండే కాబట్టి సగం సగం అనేది మూడోది. ఇక్కడ అంకె సరైనదే, కారణం మాత్రం నమ్మదగినది కాదు. పాచిక వేస్తే 6 పడుతుంది లేదా పడదు, కాబట్టి దానికీ 1/2 అనే అవకాశం ఈ విద్యార్థి దగ్గర ఉంది. ముందు పడినవి నాణేన్ని గానీ ఎగరేసే తీరును గానీ మార్చలేదు కాబట్టి 1/2 అనేది నాలుగోది. పాఠం చెప్పింది ఇదే.

మొదటి కారణం రాసినవారి వాదనలో కొంత నిజం ఉంది. వరసగా 6 సార్లు బొమ్మ పడే సంభావ్యత 1/64 మాత్రమే, అంత అరుదైనది ఎలా జరుగుతుంది అని వారు అడుగుతారు. ఆ 1/64 అనేది నాణెం ఒక్కసారి కూడా ఎగరేయకముందు చెప్పిన అంకె. ఇప్పుడు 5 సార్లు ఎగరేయడం అయిపోయింది. మిగిలిన దారులు రెండే: 5 బొమ్మల తర్వాత బొమ్మ, లేదా 5 బొమ్మల తర్వాత బొరుసు. మొదట్లో మొదటి దారికి 1/64 ఉన్నట్టే రెండోదానికీ సరిగ్గా 1/64 ఉంది. రెండూ సమానంగా అరుదైనవే అయినప్పుడు, ఆ రెంటిలో ఒకటి జరగక తప్పని చోట చెరి సగమే వస్తుంది. విద్యార్థి 6 బొమ్మల వరసను అరుదైనదిగా గుర్తించాడు, 5 బొమ్మల తర్వాత బొరుసు పడే వరసకు కూడా అంతే విలువ ఉందని గమనించలేదు.

దీనికి ఇటీవలి ఉదాహరణ క్రికెట్‌లో ఉంది. 2023 నవంబరులో అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ నుంచి భారత పురుషుల జట్టు వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడింది. కెప్టెన్లు మారినా ఆ వరస ఆగలేదు. 2025 డిసెంబరులో విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో జరిగిన మ్యాచ్‌లో అది తెగింది. ఎంచుకున్న 20 టాస్‌లు వరసగా ఓడే సంభావ్యత 10,48,576లో ఒకటి. అయినా విశాఖలో నాణెం ఎగరేసే ముందు గెలిచే అవకాశం అంతకుముందు మ్యాచ్‌ల్లో ఉన్నంతే, సగమే. ఆ రోజు టాస్ గెలవడం 20 ఓటములకు బదులు తీర్చడం కాదు. ఆ రోజు కూడా ఓడి ఉంటే అందులో వింత ఏమీ ఉండేది కాదు.

డబ్బు పెట్టిన చోట ఈ భ్రమ ఖరీదు తెలుస్తుంది. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో కాసినోలో ఒక రూలెట్ బల్ల మీద బంతి వరసగా 26 సార్లు నల్ల గడిలో పడింది. ఆ చక్రంలో 37 గడులుంటాయి. వాటిలో 18 నలుపు, 18 ఎరుపు, ఒకటి సున్నా. నలుపు వరస పొడవయ్యేకొద్దీ జనం ఎరుపు మీద పందేలు పెంచుతూ పోయి పెద్దమొత్తంలో పోగొట్టుకున్నారు. ప్రతి తిప్పుడులోనూ ఎరుపుకు ఉన్నది 18/37 మాత్రమే, మొదటిసారైనా ఇరవై ఆరోసారైనా.

ఎక్కువ అవకాశం, తక్కువ అవకాశం

ఒక్క ప్రశ్నతో సరిపెడితే సరైన జవాబు రాసినవారి లోపలి అనుమానం దాగిపోతుంది. క్లిఫర్డ్ కోనాల్డ్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన పరిశోధనలో వాడిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. నాణెం 5 సార్లు ఎగరేసినప్పుడు వచ్చే కొన్ని వరసలు ఇస్తారు. ఉదాహరణకు బొమ్మ-బొమ్మ-బొమ్మ-బొరుసు-బొరుసు ఒకటి, బొమ్మ-బొరుసు-బొమ్మ-బొరుసు-బొమ్మ మరొకటి, బొరుసు-బొమ్మ-బొరుసు-బొరుసు-బొరుసు ఇంకొకటి. వీటిలో దేనికి ఎక్కువ అవకాశం ఉంది అని అడుగుతారు. అన్నీ సమానమే అన్న జవాబును కూడా ఎంపికల్లో పెడతారు. ఆ వెంటనే అవే వరసలు ఇచ్చి, దేనికి తక్కువ అవకాశం ఉంది అని అడుగుతారు.

మొదటి ప్రశ్నకు అన్నీ సమానమే అన్నవారిలో చాలామంది రెండో ప్రశ్న దగ్గర ఆ మాట మీద నిలబడలేదు, ఏదో ఒక వరసను ఎంచుకున్నారు. అన్నీ సమానమైతే తక్కువది ఉండే వీలే లేదు. ఈ వైరుధ్యానికి పరిశోధకులు చెప్పిన కారణం ఆలోచించదగ్గది. కొందరు విద్యార్థులు ప్రశ్నను సంభావ్యత గురించి అడిగినదిగా చదవరు, ఏది పడుతుందో చెప్పమన్నట్టుగా చదువుతారు. ఏది పడుతుందో చెప్పలేం కాబట్టి మొదటి ప్రశ్నకు అన్నీ సమానమే అంటారు. రెండో ప్రశ్న మాత్రం వారికి ఏది పడదో అన్నట్టు వినిపిస్తుంది. అప్పుడు వరసను చూసి, కలగాపులగంగా కనిపించనిదాన్ని పక్కన పెడతారు. అందుకే ఈ రెండు ప్రశ్నలను జంటగా అడగాలి. మొదటిది ఒక్కటే అడిగితే తరగతి మొత్తానికీ పాఠం ఎక్కిందనిపిస్తుంది.

500 కాదు, 505

జూదరి భ్రమకు ఎక్కువ బలమిచ్చేది పాఠంలోనే నేర్పిన ఒక సరైన మాట. నాణేన్ని చాలాసార్లు ఎగరేస్తే బొమ్మల నిష్పత్తి సగానికి దగ్గరవుతుందని పుస్తకం చెబుతుంది. అయితే మొదట్లో బొమ్మలు ఎక్కువ పడితే తర్వాత బొరుసులు ఎక్కువ పడాలి కదా, లేకపోతే సగానికి ఎలా చేరుతుంది అని విద్యార్థి అనుకుంటాడు. ఈ అపార్థం ఉందో లేదో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు. నాణేన్ని 1000 సార్లు ఎగరేయాలి. మొదటి 10 సార్లూ బొమ్మే పడింది. మొత్తం 1000 పూర్తయ్యేసరికి ఎన్ని బొమ్మలు వస్తాయని ఆశించవచ్చు?

500 అన్నవారు జూదరి భ్రమలో ఉన్నట్టే. ఆ 10 బొమ్మలు చేతిలో ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. మిగిలిన 990 సార్లలో ఆశించేది సగం, అంటే 495. మొత్తం 505. అదే 10 బొమ్మల తర్వాత మరో 10,000 సార్లు ఎగరేస్తే ఆశించేది 10,010లో 5,010 బొమ్మలు. మొదట్లో వచ్చిన అదనపు బొమ్మలను ఏదీ తీసేయలేదు. అయినా నిష్పత్తి 1000 దగ్గర 50.5 శాతం, 10,010 దగ్గర 50.05 శాతం అయింది. పాత తేడాను కొత్త బొరుసులు పూడ్చవు. మొత్తం సంఖ్య పెరిగేకొద్దీ దాని ముందు ఆ తేడా చిన్నదైపోతుంది.

ఈ పొరపాటు బడిపిల్లలకే పరిమితం కాదు. ఏమస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1971లో రాసిన వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే ఉంది. ఒక నగరంలో పిల్లల ఐక్యూ సగటు 100 అని తెలుసు. యాదృచ్ఛికంగా 50 మందిని ఎంచుకున్నారు. మొదటి బిడ్డ ఐక్యూ 150 వచ్చింది. 50 మంది సగటు ఎంత ఉంటుందని ఆశించాలి? సరైన జవాబు 101. మిగిలిన 49 మంది నుంచి సగటున 100 చొప్పునే ఆశించాలి కాబట్టి మొత్తం 5,050, దాన్ని 50తో భాగిస్తే 101. చాలామంది 100 అనే అంటారని ఆ వ్యాసం చెప్పింది.

ఒక హద్దును కూడా ఇక్కడే చెప్పాలి. ఈ లెక్కలన్నీ నాణెం నిష్పాక్షికమైనదని ముందే తెలిసినప్పుడే చెల్లుతాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని నాణెం వరసగా 30 సార్లు బొమ్మ చూపిస్తే దానిలో ఏదో దోషముందని అనుమానించడం భ్రమ కాదు. అప్పుడు కూడా ఆ అనుమానం తర్వాతి పందేన్ని బొమ్మ వైపే లాగుతుంది తప్ప బొరుసు వైపు లాగదు.

రెండో బంతి మొదటి బంతి గురించి చెప్పగలదా?

స్వతంత్ర ఘటనలు అర్థమైన విద్యార్థి ఒక్కోసారి ఇంకో కొసకు వెళ్లిపోతాడు. ఒకదాని గురించి తెలిసినా మరోదాని లెక్క మారదని అన్నిచోట్లా అనడం మొదలుపెడతాడు. అక్కడ అడగాల్సిన ప్రశ్నను ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూమా ఫాల్క్ తయారుచేశారు. సంచిలో 2 తెల్ల బంతులు, 2 నల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి రెండు బంతులు తీయాలి, తీసినదాన్ని తిరిగి వేయకూడదు. మొదటి బంతి తెల్లదని తెలిస్తే రెండోది తెల్లదయ్యే సంభావ్యత ఎంత? ఇది మొదటి భాగం. మొదటి బంతిని చూడకుండా పక్కన పెట్టారు. రెండోది తీసి చూస్తే తెల్లది. మొదటి బంతి తెల్లదై ఉండే సంభావ్యత ఎంత? ఇది రెండో భాగం.

మొదటి భాగానికి విద్యార్థులు తేలిగ్గానే 1/3 అంటారు. ఒక తెల్లది బయటికి వచ్చింది, లోపల ఒక తెల్లది, రెండు నల్లవి మిగిలాయి. రెండో భాగానికి మాత్రం చాలామంది 1/2 అంటారు. మొదటి బంతి తీసేటప్పుడు సంచిలో రెండూ రెండూ ఉన్నాయి, తర్వాత తీసిన బంతి ముందు తీసిన బంతిని ఎలా మారుస్తుంది అన్నది వారి వాదన. కొందరైతే ఇలాంటి ప్రశ్న అడగడమే అర్థం లేని పని అంటారు.

లెక్కపెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. తెల్లవాటిని తె1, తె2 అని, నల్లవాటిని న1, న2 అని అనుకుందాం. వరసతో సహా రెండు బంతులు తీయగల మార్గాలు 12. రెండోది తెల్లదై ఉన్నవి వాటిలో 6: తె2-తె1, న1-తె1, న2-తె1, తె1-తె2, న1-తె2, న2-తె2. ఈ ఆరింటిలో మొదటిది తెల్లదైనవి 2. అంటే సంభావ్యత 2/6, అదే 1/3. రెండు భాగాలకూ జవాబు ఒక్కటే.

పట్టిక చూసినా మనసు ఒప్పుకోనివారికి అదే ప్రశ్నను చిన్నది చేసి ఇవ్వాలి. సంచిలో ఒక తెల్లది, ఒక నల్లది మాత్రమే ఉన్నాయి. మొదటిది చూడకుండా పక్కన పెట్టారు, రెండోది తెల్లది వచ్చింది. మొదటిది ఏ రంగు? నల్లదే అని ఎవరైనా చెబుతారు. ఇక్కడ రెండో బంతి వెనక్కి వెళ్లి మొదటి బంతికి నల్లరంగు పులమలేదు. అది మనకు ఒక వార్త ఇచ్చింది, అంతే. షరతు సంభావ్యత కొలిచేది ఆ వార్త తెలిశాక మిగిలిన అవకాశాలను. వార్త ముందటి ఘటనదా, వెనకటి ఘటనదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

జూదరి భ్రమతో దీనికి ఉన్న బంధుత్వం ఇక్కడ తేటపడుతుంది. అక్కడ నాణెం తిరిగే తీరును మార్చే శక్తి లేని పాత ఫలితాలకు విద్యార్థి ఆ శక్తి అంటగట్టాడు. ఇక్కడ శక్తి లేదన్న కారణంతో పనికొచ్చే సమాచారాన్ని కూడా వదిలేశాడు. రెండు చోట్లా అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది దాన్ని మార్చగలదా? అడగాల్సింది వేరు: ఇది తెలిశాక ఇంకా మిగిలిన అవకాశాలు ఏవి, వాటిలో మనకు కావాల్సినవి ఎన్ని?

ఎవరిలో ఎంతమంది?

షరతు సంభావ్యతను తప్పుగా చదవడంలో ఎక్కువ హాని చేసేది తారుమారు చదువు. జబ్బు ఉన్నవారిలో పరీక్ష పాజిటివ్ వచ్చేవారు ఎంతమంది అన్నది ఒక అంకె, పరీక్ష పాజిటివ్ వచ్చినవారిలో జబ్బు ఉన్నవారు ఎంతమంది అన్నది వేరే అంకె. మొదటిది ఇచ్చి రెండోది అడిగితే చాలామంది మొదటిదాన్నే తిప్పి ఇచ్చేస్తారు.

అమెరికాకు చెందిన డేవిడ్ ఎడ్డీ 1982లో రొమ్ము క్యాన్సర్ గుర్తించే మామోగ్రఫీ గురించి రాస్తూ ఇలాంటి ప్రశ్నకు వైద్యుల్లో అత్యధికులు 75 శాతం దగ్గర జవాబు చెప్పారని పేర్కొన్నారు. సరైనది 8 శాతం లోపే. తరగతి కోసం అంకెలను సులువు చేసుకుంటే ప్రశ్న ఇలా ఉంటుంది. పరీక్షకు వచ్చిన స్త్రీలలో నూటికి ఒకరికి క్యాన్సర్ ఉంది. క్యాన్సర్ ఉన్నవారిలో 80 శాతం మందికి పరీక్ష పాజిటివ్ వస్తుంది. లేనివారిలో కూడా 10 శాతం మందికి పాజిటివ్ వస్తుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆమెకు క్యాన్సర్ ఉండే సంభావ్యత ఎంత?

శాతాలను పక్కన పెట్టి 1000 మందిని తీసుకుంటే దారి కనిపిస్తుంది. వారిలో క్యాన్సర్ ఉన్నవారు 10 మంది, పాజిటివ్ వచ్చేది 8 మందికి. క్యాన్సర్ లేనివారు 990 మంది, వారిలో పాజిటివ్ వచ్చేది 99 మందికి. మొత్తం పాజిటివ్‌లు 107. వాటిలో నిజంగా జబ్బు ఉన్నవి 8. అంటే సుమారు 7.5 శాతం. పరీక్ష మంచిదే అయినా ఇంత తక్కువ రావడానికి కారణం జబ్బు లేనివారి సంఖ్య చాలా ఎక్కువ కావడం. వారిలో చిన్న శాతమే అయినా తల లెక్కలో 8 మందిని మించిపోయింది. ఇలా శాతాలను మనుషుల లెక్కలోకి మార్చి అడిగితే సరైన జవాబులు బాగా పెరుగుతాయని జర్మనీకి చెందిన గెర్డ్ గిగరెంజర్, ఉల్రిచ్ హాఫ్‌రాగె 1995లో చూపారు.

పద్ధతి అర్థమైందో, 7.5 అన్న అంకె మాత్రమే గుర్తుందో తెలియాలంటే ఒక్క విలువ మార్చి మళ్లీ అడగాలి. ఇప్పటికే లక్షణాలు ఉండి వచ్చినవారిలో 30 శాతం మందికి జబ్బు ఉందనుకుంటే, అదే పరీక్ష 1000 మందికి చేసినప్పుడు 300 మందిలో 240, మిగిలిన 700 మందిలో 70 పాజిటివ్ వస్తాయి. 310లో 240 అంటే సుమారు 77 శాతం. పరీక్ష అదే, ఎవరికి చేశారన్నదే మారింది. ఎంత సంభావ్యత అని కాకుండా ఎవరిలో ఎంతమంది అని అడిగే అలవాటు ఉన్న విద్యార్థికి ఈ రెండు జవాబులూ వింతగా అనిపించవు.

రెండు తప్పులూ ఒకే కేసులో

ఘటనల సంబంధాన్ని తప్పుగా అంచనా వేయడం, షరతును తారుమారు చదవడం రెండూ ఇంగ్లండ్‌లోని సాలీ క్లార్క్ కేసులో కలిసి కనిపిస్తాయి. ఆమె ఇద్దరు పసిబిడ్డలు 1996లో, 1998లో చనిపోయారు. వారిని ఆమే చంపిందని 1999లో కోర్టు తేల్చింది. ఆమె కుటుంబం లాంటి కుటుంబంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా ఊయల్లో చనిపోయే అవకాశం 8,543లో ఒకటని, ఇద్దరూ అలా చనిపోయే అవకాశం సుమారు 7.3 కోట్లలో ఒకటని పిల్లల వైద్యనిపుణుడు రాయ్ మెడో సాక్ష్యం చెప్పారు.

మొదటి తప్పు 8,543ను 8,543తో గుణించడం. అలా గుణించాలంటే రెండు మరణాలూ స్వతంత్ర ఘటనలై ఉండాలి. అన్నదమ్ములకు తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులు, పెరిగే ఇల్లు ఒకటే. ఒక బిడ్డ అలా పోయిన ఇంట్లో రెండోసారి అలా జరిగే అవకాశం మామూలు ఇళ్లకంటే ఎక్కువ ఉండవచ్చు. నాణేనికి లేని జ్ఞాపకాన్ని అంటగట్టడం ఎంత తప్పో, సంబంధం ఉండగల చోట లేదనుకోవడం అంతే తప్పు.

రెండో తప్పు ఆ అంకెను అర్థం చేసుకోవడంలో ఉంది. తల్లి నిర్దోషి అయితే ఇద్దరు బిడ్డలు ఇలా చనిపోయే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అనుకున్నా, తల్లి నిర్దోషి అయ్యే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అని అర్థం కాదు. ఇద్దరు బిడ్డలు చనిపోయారన్నది జరిగిపోయిన సంగతి. దానికి ఉన్న వివరణల్లో ఒకటి సహజ మరణాలు, ఇంకొకటి ఒకే తల్లి ఇద్దరు బిడ్డలను చంపడం. రెండోది కూడా చాలా అరుదు. తూచాల్సింది ఈ రెండు అరుదైనవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి. ఆ అంకెకు గణాంక ఆధారం లేదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా ప్రకటించింది. ప్రయోగశాల పరీక్షల ఫలితాలు కొన్ని ప్రతివాదులకు ఇవ్వలేదని బయటపడటంతో 2003లో అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసింది. గణాంక సాక్ష్యాన్ని కూడా అది తప్పుపట్టింది.

జవాబులు చదవడం

ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను తప్పొప్పుల లెక్కగా చూస్తే సగం ఉపయోగమే ఉంటుంది. ఏ ప్రశ్నకు ఏ కారణం రాశారో పక్కపక్కన పెట్టి చూడాలి. నాణెం ప్రశ్నకు 1/2 రాసి, 1000 సార్ల ప్రశ్నకు 500 రాసినవారికి స్వతంత్రత అనే మాట తెలుసు గానీ నిష్పత్తి సగానికి ఎలా చేరుతుందో తెలియదు. 505 రాసి, రెండో బంతి ప్రశ్నకు 1/2 రాసినవారు స్వతంత్రతను తిరిగి వేయని సంచికి కూడా వర్తింపజేస్తున్నారు. సంచి ప్రశ్న రెండు భాగాలూ సరిగా చేసి, పరీక్ష ప్రశ్నకు 80 శాతం రాసినవారికి సమాచారం వాడుకోవడం తెలుసు, భాగహారంలో కింద ఎవరిని పెట్టాలో మాత్రం తేలలేదు. మొదటివారికి 10,010 లెక్క చేయించాలి. రెండోవారికి 12 మార్గాల పట్టిక రాయించాలి. మూడోవారికి 1000 మందిని విడదీసి చూపించాలి.